తీసేసిన ఫారాల లెక్క

నూజివీడు మామిడి రైతుల దగ్గర 120 సర్వే ఫారాలు నింపామనుకుందాం. "అసంపూర్తి ఫారాలు తొలగించాం" అని మొదట్లో మేమూ రాసేవాళ్ళం. ఎన్ని, ఎందుకని గైడ్ అడిగితే నోరు పెగల్లేదు. ఇప్పుడైతే ఇలా రాస్తాం: "నింపినవి 120. ఒకే రైతు పేర రెండోసారి వచ్చినవి 4 తీసేయగా 116. తోట లేకుండా కాపు మాత్రం కొన్న వ్యాపారులవి 7 పోగా 109. దిగుబడి గడి ఖాళీగా ఉన్నవి 6 పోగా, విశ్లేషణకు మిగిలినవి 103."

ఒక ఫారానికి రెండు కారణాలుంటే వరుసలో ముందున్న దాని కిందే లెక్కిస్తాం. లేకుంటే కూడిక కుదరదు.

చినరసాలు ఎకరాకు 40 టన్నులని ఒక ఫారంలో కనిపిస్తే వెంటనే తీసేయం. నోటుబుక్కు చూస్తే అవి క్వింటాళ్ళు కావచ్చు. అప్పుడు 4 టన్నులుగా దిద్ది, ఆ సంగతీ పేరాలో చెబుతాం.

ఖాళీ గడుల ఆరుగురూ చిన్న రైతులే అయితే సగటు పెద్ద తోటల వైపు మొగ్గుతుంది. అందుకే వాళ్ళ ఎకరాలూ రాస్తాం.