249 గ్రాముల డ్రోన్, దానికి తగిలించిన గార్డులు



మీ అబ్బాయి పుట్టినరోజుకు వాళ్ల మామయ్య ఒక కెమెరా డ్రోన్ కొనిచ్చాడనుకుందాం. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 249 గ్రాములు అని ఉంది. 'ఏ పర్మిషనూ అక్కర్లేదు బావా, 250 లోపే' అని మామయ్య భరోసా కూడా ఇచ్చాడు. పిల్లల వేళ్లు తెగుతాయేమోనని మీరు అదే దుకాణంలో నాలుగు ప్రొపెల్లర్ గార్డులు విడిగా కొని బిగించారు. అవి 35 గ్రాములు. అంటే మీ డ్రోన్ ఇప్పుడు 284 గ్రాములు. మీరు చేసింది జాగ్రత్త పనే అయినా, చట్టం దృష్టిలో డ్రోన్ వర్గం మారిపోయింది.

మన దేశంలో 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం వర్గాన్ని బరువే నిర్ణయిస్తుంది. 250 గ్రాముల వరకు నానో. అక్కడి నుంచి 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్. ఆ పైన మీడియం, లార్జ్ కూడా ఉన్నాయి కానీ అవి మన ఇళ్లలోకి వచ్చేవి కావు. ఇక్కడ గమనించాల్సింది, లెక్కలోకి వచ్చేది డబ్బా మీద రాసిన బరువు కాదు. బ్యాటరీ, మెమరీ కార్డు, గార్డులు, అతికించిన లైటు, మోసుకెళ్లే వస్తువు అన్నీ కలిపి గాల్లోకి లేచే బరువు. అందుకే మొదటి పరీక్ష వంటింటి తూకం మీదే చేయవచ్చు. అన్నీ బిగించాక ఒకసారి పెట్టి చూడండి.

ఇంతకీ 250 గ్రాములే ఎందుకు? 2015లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ, ఏ బరువు దాటితే డ్రోన్లను నమోదు చేయించాలో తేల్చడానికి ఒక కమిటీ వేసింది. తలకు 80 జౌళ్ల శక్తితో దెబ్బ తగిలితే ప్రాణం పోయే అవకాశం 30 శాతం అన్న అంచనాను ఆ కమిటీ ఆధారంగా తీసుకుంది. ఆగిపోయి కిందపడే చిన్న డ్రోన్ వేగం గాలి నిరోధం వల్ల సెకనుకు సుమారు 25 మీటర్ల దగ్గర నిలకడ అవుతుందని లెక్కగట్టింది. ఇక మిగిలింది మీ పిల్లల తొమ్మిదో తరగతి పుస్తకంలోని గతిజశక్తి సూత్రమే: ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. పావు కిలోకు వచ్చేది 78 జౌళ్లు. గీత అక్కడ పడింది. అదే అంకె తర్వాత చాలా దేశాల నియమాల్లోనూ కనబడుతుంది. కంపెనీలు 249 గ్రాముల డ్రోన్లు చేయడానికి కారణం ఇదే. అప్పట్లో జపాన్‌లో గీత 200 గ్రాముల దగ్గర ఉండేది కాబట్టి, ఒక కంపెనీ తన 249 గ్రాముల మోడల్‌నే చిన్న బ్యాటరీతో 199 గ్రాములకు కుదించి అక్కడ అమ్మింది.

అంటే ఆ గీత కింద ఉన్నది బొమ్మ అని కాదు. 160 గ్రాముల క్రికెట్ బంతి గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలితే 50 జౌళ్లు. అంతే వేగంతో పడే నానో డ్రోన్ దెబ్బ అంతకంటే ఎక్కువే. కాకపోతే డ్రోన్ పెంకు విరిగి కొంత శక్తిని తనలో కలుపుకుంటుంది, బంతి విరగదు. పైగా ఈ లెక్క పడిపోయే డ్రోన్ గురించే. తిరిగే ప్రొపెల్లర్ సంగతి అందులో లేదు. 2015లో ఇంగ్లండ్‌లో ఒకరి తోటలో ఎగురుతున్న డ్రోన్ చెట్టుకు తగిలి అదుపు తప్పింది. దాని ప్రొపెల్లర్ తగిలి ఏడాదిన్నర బాబు ఒక కన్ను పోయింది. కంటికి బరువుతో పనిలేదు.

మళ్లీ మన 284 గ్రాముల డ్రోన్ దగ్గరికి వద్దాం. నానోగా ఉన్నప్పుడు దానికి టైప్ సర్టిఫికెట్, పైలట్ సర్టిఫికెట్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అవసరం లేదు. మైక్రో అయ్యాక, సరదాకు ఎగరేసేవారికి పైలట్ సర్టిఫికెట్ మినహాయింపు మాత్రం మిగులుతుంది. ఇన్సూరెన్స్ కావాలి. నమోదై విశిష్ట సంఖ్య రాకపోతే ఎగరేయడానికి లేదు. అలాగని గార్డులు తీసేయమని నేను చెప్పను. కొనేటప్పుడే గార్డులతో కలిపి 250 లోపు ఉండే డ్రోన్ ఎంచుకోవడం నయం. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకునే ఆలోచన ఉంటే మానుకోండి. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకు తప్ప విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరి 9న నిషేధించింది.

డబ్బు తీసుకుని ఎగరేస్తే మైక్రోకు ఆ మినహాయింపు కూడా పోతుంది. ఇంట్లో పెళ్లికో ఓణీల ఫంక్షన్‌కో కిలో బరువున్న డ్రోన్‌తో వచ్చే ఫొటోగ్రాఫర్‌ని సర్టిఫికెట్ చూపించమని అడగండి, మొహమాటం అక్కర్లేదు. దానికి 18 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ పొందాలి.

మామయ్య చెప్పిన భరోసాలో అసలు లోపం ఇంకొకటి ఉంది. బరువు వల్ల వచ్చే మినహాయింపు స్థలానికి వర్తించదు. డిజిటల్ స్కై పోర్టల్‌లోని మ్యాప్ ఆకాశాన్ని మూడు రంగులుగా విడదీస్తుంది. ఆకుపచ్చలో 400 అడుగుల వరకు అనుమతి అడగనక్కర్లేదు. విమానాశ్రయం హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపు నేల నుంచే ఆంక్షలు ఉంటాయి; పసుపులో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటితే పసుపే. ఎరుపులో ఎగరేయాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి. బేగంపేట విమానాశ్రయం నగరం మధ్యలోనే ఉంది కాబట్టి సికింద్రాబాద్‌లోని అపార్ట్‌మెంట్ మేడ మీద నుంచి లేచే నానో డ్రోన్ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. విశాఖలో ఉండేవారు విమానాశ్రయం నౌకాదళ స్థావరం కూడానని మరవకండి. రంగులు మారుతుంటాయి, ఎగరేసే రోజే చూసుకోవాలి.

మేడ అన్నాను కనుక ఒక మాట. చాలామంది మొదటిసారి అక్కడి నుంచే ఎగరేస్తారు, ఇబ్బందులు కూడా అక్కడే. స్లాబులోని ఇనుము డ్రోన్ దిక్సూచిని తికమక పెడుతుంది. లేచీ లేవగానే అది ఒక పక్కకు జారుతుంటే లేదా గుండ్రంగా తిరుగుతుంటే అదే సూచన, వెంటనే దింపేయండి. సంక్రాంతి రోజుల్లో గాలిపటాల దారం కెమెరాలో కనబడదు, ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే డ్రోన్ రాయిలా పడుతుంది. ఇక సిగ్నల్ తెగినప్పుడు తనంతట తాను తిరిగొచ్చే సదుపాయం చాలా డ్రోన్లలో ఉంటుంది. అది ఎక్కడి నుంచి లేచిందో జీపీఎస్ ద్వారా గుర్తుపెట్టుకుని, మీరు ముందుగా పెట్టిన ఎత్తుకు లేచి, తిన్నగా వెనక్కి వస్తుంది. ఆ ఎత్తు 20 మీటర్లని ఉండి, మధ్యలో పది అంతస్తుల బ్లాకు ఉంటే, అడ్డంకిని గుర్తించే సెన్సర్లు లేని చిన్న డ్రోన్ నేరుగా ఎవరి బాల్కనీ గోడకో కొట్టుకుంటుంది. జీపీఎస్ అందకముందే ఎగరేస్తే ఇంటి స్థానమే తప్పుగా నమోదవుతుంది. కాబట్టి ఖాళీ మైదానంలో, యాప్‌లో జీపీఎస్ సిద్ధమని చూపించాక, చుట్టూ ఉన్న అన్నింటికంటే పొడవైన చెట్టుకో భవనానికో పైన పది మీటర్లు కలిపి ఆ ఎత్తు పెట్టి, అప్పుడు రిమోట్ అబ్బాయి చేతికివ్వండి. మీరు పక్కనే నిలబడి డ్రోన్‌నే చూడండి. స్క్రీన్ వాడు చూసుకుంటాడు.