గోడలో దిగిన వానకు బయటికి దారి

బ్రిటన్‌లో చాలా ఇళ్ల బయటి గోడలకు ప్లాస్టరింగ్ ఉండదు. ఇటుక నేరుగా వానకు తడుస్తుంది. పడమటి తీరం వైపు గాలి వానను గోడకేసి గంటల తరబడి కొడుతుంది. ఇటుకల మధ్య దర్జుల్లోని సన్నని నెర్రెల గుండా ఎంతో కొంత నీరు దిగక మానదు. ఆ నీటిని పూర్తిగా ఆపాలని చూడకుండా, దిగినదాన్ని తిరిగి బయటికి పంపేలా కట్టేదే క్యావిటీ వాల్. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ అక్కడి ఇళ్లకు ఇదే మామూలు పద్ధతిగా స్థిరపడింది.

ఇందులో నిజానికి రెండు గోడలుంటాయి. బయట సుమారు 100 మిల్లీమీటర్ల మందం ఇటుక గోడ, లోపల దాదాపు అంతే మందంలో కాంక్రీటు దిమ్మెల గోడ. రెండింటి మధ్య ఖాళీ. కొత్త ఇళ్లలో అది 100 నుంచి 150 మిల్లీమీటర్ల వరకూ ఉంటుంది. బయటి గోడ వెనక దిగిన నీరు ఆ ఖాళీలో కిందికి జారిపోతుంది కానీ లోపలి గోడను తాకదు.

అయితే ఇంత పల్చని గోడలు విడివిడిగా నిలబడలేవు. గాలి ఒత్తిడికి తట్టుకోవాలంటే వాటిని కలిపి పట్టి ఉంచాలి. ఆ పని వాల్ టైలది. ఇవి స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీలు. ఒక్కోటి రెండు గోడల దర్జుల్లోనూ కనీసం 50 మిల్లీమీటర్లు దిగి ఉండాలి. అడ్డంగా 900, నిలువుగా 450 మిల్లీమీటర్లకొకటి చొప్పున పెడతారు. 5 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల ఎత్తు గోడకు దాదాపు 30 టైలు పడతాయి. కిటికీలు, తలుపుల అంచుల్లో ఇంకా దగ్గరగా పెట్టాలి.

టై రెండు గోడలనూ కలుపుతుంది కనుక నీరు దాని మీదుగా లోపలికి నడిచి రావచ్చు. అందుకే దాని నడుమ కిందికి వంచిన ఒక మెలిక ఉంటుంది. మన సన్‌షేడ్ అంచు కింద తీసే గాడిలాగే, ఆ మెలిక దగ్గర నీరు బొట్టుగా మారి ఖాళీలోకి రాలిపోతుంది. టైని బయటి గోడ వైపు కాస్త వాలుగా పెట్టడం కూడా ఇందుకే.

కిటికీ పైన లింటెల్ అడ్డం వస్తుంది కనుక జారే నీరు అక్కడ ఆగుతుంది. దాని మీద నీరు దిగని పొరను లోపలి గోడ నుంచి బయటికి వాలుగా పరుస్తారు. దీన్ని క్యావిటీ ట్రే అంటారు. ట్రే మీదికి చేరిన నీరు బయటికి పోవడానికి, ఆ వరసలో కొన్ని నిలువు దర్జులను మాలు పెట్టకుండా ఖాళీగా వదులుతారు. అవే వీప్ హోల్స్. ఒక్కో కిటికీ మీద కనీసం రెండు ఉండాలి.

చలి ఆపే ఇన్సులేషన్ కూడా ఈ ఖాళీలోనే ఉంటుంది. దాన్ని లోపలి గోడకు గట్టిగా ఆనించి, టైలకు బిగించే బిళ్లలతో పట్టి ఉంచి, ముందు 50 మిల్లీమీటర్ల ఖాళీ వదలడం ఒక పద్ధతి. నీటిని పీల్చని మినరల్ ఉన్నితో ఖాళీ మొత్తం నింపడం మరోటి. వాన తీవ్రంగా కొట్టే చోట, పూత లేని ఇటుక గోడకు ఈ రెండోది తగదు.

ఇంత ఏర్పాటునూ పాడు చేయడానికి పిడికెడు మాలు చాలు. పైవరస కట్టేటప్పుడు రాలిన మాలు టై మీద గడ్డకడితే మెలిక పూడుకుపోతుంది. నీరు ఆ గడ్డ మీదుగా నేరుగా లోపలి గోడకు చేరుతుంది. ఉదాహరణకు, పడమటి గది గోడకు నేల నుంచి మీటరు ఎత్తున అరచేయంత చెమ్మ మచ్చ కనబడిందనుకుందాం. నేల చెమ్మ అయితే గోడ అడుగు నుంచి పైకి పాకేది. గదిలోని ఆవిరి చల్లబడి పట్టిన తడి అయితే చలికాలంలో మూలల్లో బూజుగా కనిపించేది. ఇది మాత్రం పడమటి గాలివాన తర్వాతే వచ్చి, పొడి రోజుల్లో మాయమవుతోంది. అంటే మాలు గడ్డను అనుమానించాలి. బయటి దర్జులో చిన్న రంధ్రం వేసి, సన్నని గొట్టం కెమెరాతో చూస్తే తేలిపోతుంది. ఒకటి రెండు ఇటుకలు తీసి గడ్డను తొలగించి, తిరిగి కట్టేస్తే సరిపోతుంది. గోడకు లోపల ఎన్ని రంగులు వేసినా ఈ మచ్చ పోదు.

1980లకు ముందు కట్టిన ఇళ్లలో మరో చిక్కుంది. అప్పటి టైలు ఎక్కువగా జింకు పూత పూసిన ఉక్కువి. మందపాటి టైలు తుప్పు పట్టి ఉబ్బితే, దాదాపు ఆరు ఇటుక వరసలకొకటి చొప్పున దర్జుల్లో అడ్డ పగుళ్లు కనిపిస్తాయి.

బ్రిటన్‌లో ఇల్లు కొంటున్న తెలుగువారు ఈ పగుళ్ల కోసం గోడను ఒకసారి పరికించి చూడండి. పురుగులు దూరుతున్నాయని వీప్ హోల్స్‌ను సిమెంటుతో మూసేయకండి. పాత గోడలోకి ఇన్సులేషన్ ఊదించే ముందు ఆ గోడకు వాన ఎంత కొడుతుందో, లోపల మాలు గడ్డలున్నాయో లేదో కెమెరాతో పరీక్ష చేయించుకోండి.