‘ఎ’ ఎక్కడ, ‘ది’ ఎక్కడ? పిల్లల తికమకకు కారణం



మీ పిల్లల ఇంగ్లిష్ నోట్‌బుక్ ఒకసారి తిరగేయండి. ఎర్ర ఇంకుతో ఎక్కువగా కనిపించేవి పెద్ద పెద్ద స్పెల్లింగులు కావు, వాక్యం మధ్యలో ఇరికించి రాసిన చిన్న ‘ఎ’, చిన్న ‘ది’. “మేడమ్, అన్నీ వచ్చు గానీ ఇవి మాత్రం ఎందుకు వదిలేస్తున్నాడు?” అని పేరెంట్స్ మీటింగులో చాలామంది అడుగుతున్నారు. సమాధానం తెలుగులోనే ఉంది కాబట్టి ఈ నెల ఈ పేజీని తెలుగులోనే రాస్తున్నాను.

ఈ రెండు వాక్యాలు పైకి చదవండి. “ఇంట్లోకి పాము వచ్చింది.” “పాము ఇంట్లోకి వచ్చింది.” రెండింట్లోనూ ఉన్నవి అవే మూడు మాటలు. మొదటిది వింటే ఏదో ఒక పాము అనుకుంటాం. రెండోది వింటే, ఇందాక పెరట్లో చూశామే, ఆ పామే లోపలికి వచ్చినట్టు వినిపిస్తుంది. “కుర్చీ తీసుకురా” అంటే ఏ కుర్చీ అయినా సరే. “కుర్చీని తీసుకురా” అంటే ఏ కుర్చీయో ఇద్దరికీ తెలుసు. అంటే ఈ తేడా మీ అమ్మాయికి, అబ్బాయికి బడికి రాకముందే వచ్చు. తెలుగు ఆ తేడాను మాటల వరుసతో, ‘ని’తో చెబుతుంది. ఇంగ్లిష్‌లో మాటల వరుసను అంత సులభంగా మార్చలేం. అందుకే ప్రతిసారీ పేరు ముందు ఒక చిన్న మాట పెట్టి చెప్పాలి.

ఆ చిన్న మాటలు కూడా ఎక్కడినుంచో ఊడిపడలేదు. పాత ఇంగ్లిష్‌లో ‘ఒకటి’ అనే మాట అరిగి అరిగి ‘ఎ’ అయింది, ‘ఆ’ వంటి మాట అరిగి ‘ది’ అయింది. అలాగని ‘ఒక’ ఉన్నచోట ‘ఎ’, ‘ఆ’ ఉన్నచోట ‘ది’ పెడితే సరిపోదు. “మా నాన్న ఆపరేటర్” అంటాం గానీ “మా నాన్న ఒక ఆపరేటర్” అనం. పిల్లలు దాన్నే ఇంగ్లిష్‌లోకి తెచ్చి ‘మై ఫాదర్ ఈజ్ ఆపరేటర్’ అని రాస్తారు. అక్కడ ‘యాన్ ఆపరేటర్’ అనాలి.

ఐదో తరగతి కాంపోజిషన్‌లో వచ్చే వాక్యాలు ఇలా ఉంటాయి: ‘ఐ సా స్నేక్ ఇన్ కిచెన్. స్నేక్ వెంట్ అండర్ ఫ్రిజ్.’ మొదటిసారి చెబితే ‘ఎ’, రెండోసారి చెబితే ‘ది’ అని మనందరికీ ఎవరో ఒకరు నేర్పారు. ఆ లెక్కన మొదటి స్నేక్‌కు ‘ఎ’, రెండో స్నేక్‌కు ‘ది’. ఇంతవరకు బాగుంది. కిచెన్, ఫ్రిజ్ కూడా మొదటిసారే వచ్చాయి కదా అని పిల్లవాడు ‘ఇన్ ఎ కిచెన్’, ‘అండర్ ఎ ఫ్రిజ్’ అని రాస్తాడు. అప్పుడు చదివేవాళ్లకు ఎవరి వంటింట్లోనో అనిపిస్తుంది. సరైనది ‘ది కిచెన్’, ‘ది ఫ్రిజ్’. ఇక్కడే పిల్లలకు ఇదంతా టీచర్ ఇష్టప్రకారం నడుస్తున్నట్టు అనిపిస్తుంది, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

అసలు చూడాల్సింది ఎన్నోసారి అన్నది కాదు, వినేవాళ్లకు ఏదో తెలుస్తుందా లేదా అన్నది. క్వార్టర్‌కు ఒకటే వంటిల్లు, అందులో ఒకటే ఫ్రిజ్. “ఏ వంటిల్లు?” అని ఎవరూ అడగరు, కాబట్టి ‘ది’. పాము సంగతి అలా కాదు, వినేవాళ్లు దాన్ని ఇంకా ఎరగరు, కాబట్టి ‘ఎ’. “షిఫ్ట్ బస్సు వచ్చింది” అని ఇంట్లో ఎవరైనా అంటే మీరు “ఏ బస్సు?” అని అడుగుతారా? అడగరు కదా, అక్కడా ‘ది’నే. హోంవర్క్ దగ్గర కూర్చున్నప్పుడు జవాబు చెప్పేయకుండా, ఒక్కో పేరు దగ్గర ఆగి “ఇది చదివేవాళ్లకు ఏదో తెలుసా?” అని తెలుగులోనే అడగండి. వారం రోజుల్లో ‘ఎ కిచెన్’ లాంటి తప్పులు తగ్గుతాయో లేదో నోట్‌బుక్‌లోనే చూసుకోవచ్చు.

ఊరిపేర్ల దగ్గర మాత్రం ఈ ప్రశ్న పనికిరాదు. సెంటినరీ కాలనీ, రామగుండం, గోదావరిఖని అందరికీ తెలిసినవే, అయినా ఇంగ్లిష్‌లో వాటి ముందు ‘ది’ ఉండదు. గోదావరి నదికి మాత్రం ‘ది గోదావరి’ అనాలి. మన కంపెనీ పూర్తి పేరు ఇంగ్లిష్‌లో ‘ది సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్’. ఉత్త సింగరేణి అంటే ఆ ‘ది’ పోతుంది. ‘గో టు స్కూల్’ కూడా ఇలాంటిదే. ఇవి చదివి, విని అలవాటు కావాల్సినవి, వీటికి సూత్రం వెతికి పిల్లల్ని విసిగించకండి.

‘ఎ’, ‘యాన్’ల మధ్య ఎంపికకైతే చాలాసార్లు తెలుగు లిపే సాయం చేస్తుంది. ఇంగ్లిష్ మాటను తెలుగులో రాయించండి. ‘అవర్’ అచ్చుతో మొదలైంది, కాబట్టి ‘యాన్ అవర్’. ‘యూనివర్సిటీ’ హల్లుతో మొదలైంది, కాబట్టి ‘ఎ యూనివర్సిటీ’.