ఐదేళ్ల పీహెచ్‌డీకి ఐదు వాక్యాలు

హైదరాబాద్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ పూర్తి చేసిన ఒక అమ్మాయి మందుల కంపెనీల్లో ఉద్యోగం వెతుక్కుంటూ, తన బయో చూసిపెట్టమని నా దగ్గరికి వచ్చింది. చాలా ఏళ్లు ప్రాసెస్ కెమిస్ట్రీలో పనిచేసినవాణ్ని కాబట్టి ఇలాంటివి నా చేతికి తరచుగా వస్తుంటాయి. బయో ఇంగ్లీషులోనే ఉంది. తెలుగులో చెప్పుకుంటే ఇదీ:

"పల్లాడియం ఉత్ప్రేరకంతో నత్రజని ఉన్న హెటెరోసైకిళ్ల తయారీపై డాక్టరేట్ పొందాను. నాలుగు పరిశోధన పత్రాలు ప్రచురించాను. రెండు అంతర్జాతీయ సదస్సుల్లో పోస్టర్లు ప్రదర్శించాను. కష్టపడే స్వభావం, పరిశోధనపై ఆసక్తి ఉన్నాయి. పరిశ్రమలో మంచి అవకాశం కోరుతున్నాను."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయితే ఈ అమ్మాయికి ఏ పని అప్పగించవచ్చో ఇది చదివితే తెలియదు. కంపెనీలో దీన్ని మొదట చూసేది హెచ్ఆర్ విభాగం వాళ్లు. వాళ్లకు హెటెరోసైకిల్ అంటే ఏమిటో తెలియకపోవచ్చు. వాళ్లను దాటితే గ్రూప్ లీడర్ చూస్తాడు. ఆయనకు కెమిస్ట్రీ తెలుసు కానీ ఆయన బాధలు వేరు. దిగుబడి పెరగాలి, ఖర్చు తగ్గాలి, బ్యాచ్ బ్యాచ్‌కూ ఫలితం మారకూడదు. ఆ బాధల్లో ఒక్కటైనా తీర్చగలదని బయోలో కనిపిస్తేనే ఇంటర్వ్యూకు పిలుస్తాడు.

"థీసిస్ పక్కన పెట్టి నీ ల్యాబ్ నోట్‌బుక్కులు తీసుకురా అమ్మా" అన్నాను. థీసిస్‌లో చివరికి కుదిరిన దారి మాత్రమే ఉంటుంది. ఆ దారి ఎలా దొరికిందో నోట్‌బుక్కులోనే తెలుస్తుంది. కంపెనీకి కావలసింది ఈ రెండోదే.

మూడో అధ్యాయానికి చెందిన నోట్‌బుక్కు దగ్గర ఆగాం. రెండు అణువులను పల్లాడియం సాయంతో కలిపే కప్లింగ్ చర్య అది. ఒకరోజు దిగుబడి 70 శాతం వచ్చింది. వారం తర్వాత అదే చర్య, అదే మనిషి, 40 శాతం. ఇలా రెండు నెలలు.

"అప్పుడు ఏం చేశావు?"

"ఒక్కొక్కటీ మార్చి చూశాను సార్. కొత్త పల్లాడియం వాడాను, కొత్త సాల్వెంట్ వాడాను, తేడా రాలేదు. చివరికి చూస్తే కార్బొనేట్ సీసా మూత సరిగా బిగించలేదు. సీజియం కార్బొనేట్ తేమ పీల్చి గడ్డకట్టింది. ఆరబెట్టి, మెత్తగా నూరి వాడితే వరసగా ఆరుసార్లు 68 నుంచి 72 శాతం మధ్యే వచ్చింది."

"ఇది థీసిస్‌లో ఎక్కడుంది?"

"ప్రయోగ విధానంలో సార్. 'ఆరబెట్టిన సీజియం కార్బొనేట్' అని రాశాను."

రెండు నెలల పని ఒక్క విశేషణంగా మిగిలింది. ఫ్యాక్టరీలో బ్యాచ్ పాడైతే చేసేది అచ్చం ఈ పనే. దాన్ని రూట్ కాజ్ వెతకడం అంటారు. ఒక సమయంలో ఒక్క అంశమే మార్చి అసలు కారణం పట్టుకుని, దిద్దిన తర్వాత మళ్లీ మళ్లీ చేసి నిరూపించాలి. ఈ అమ్మాయి అదంతా చేసింది. అది తన నైపుణ్యమని మాత్రం ఆమెకు తోచలేదు.

అదే నోట్‌బుక్కులో మరో రెండు విషయాలు దొరికాయి. మొదట పల్లాడియం 10 మోల్ శాతం వాడేది, తర్వాత 1 శాతానికి తగ్గించింది. పత్రంలో అది పట్టికలో ఒక వరస. కంపెనీకి అది నేరుగా డబ్బు, ఎందుకంటే పల్లాడియం ఖరీదైన లోహం. పైగా నోటితో వేసుకునే మందు ద్వారా రోజుకు 100 మైక్రోగ్రాములకు మించి పల్లాడియం శరీరంలోకి వెళ్లకూడదని ఐసీహెచ్ మార్గదర్శకం చెబుతోంది. మొదట్లో తక్కువ వేస్తే చివర్లో తొలగించే శ్రమ కూడా తగ్గుతుంది.

రెండోది శుద్ధి. విశ్వవిద్యాలయంలో ప్రతిదాన్నీ సిలికా కాలమ్ మీద శుద్ధి చేయడం అలవాటు. అందుకు పదార్థం బరువుకు ముప్పై నుంచి యాభై రెట్లు సిలికా పట్టవచ్చు. 100 మిల్లీగ్రాములకు అది ఇబ్బంది కాదు. కిలోలకు వెళ్తే సిలికా, సాల్వెంట్, సమయం అన్నీ మోయలేని భారం. తర్వాతి దశకు 20 గ్రాముల పదార్థం అవసరమై, కాలమ్ వేసే ఓపిక లేక ఈ అమ్మాయి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో స్ఫటికాలు చేసింది. శుద్ధత 98.9 శాతం వచ్చింది. ఓపిక లేక చేశాను కదా అని దాన్ని ఎవరికీ చెప్పుకోలేదు!

ఇద్దరం కూర్చుని రాసిన బయో ఇది:

"ఆర్గానిక్ కెమిస్ట్‌ని (పీహెచ్‌డీ). ప్రయోగశాల చర్యలను తక్కువ ఖర్చుతో, ప్రతిసారీ ఒకే ఫలితం వచ్చేలా మెరుగుపరచడం నా పని. ఒక పల్లాడియం కప్లింగ్‌లో ఉత్ప్రేరకాన్ని 10 నుంచి 1 మోల్ శాతానికి తగ్గించాను. కాలమ్ బదులు స్ఫటికీకరణతో 20 గ్రాముల వరకు, 98.9 శాతం హెచ్‌పీఎల్‌సీ శుద్ధతతో తయారు చేశాను. 40 నుంచి 70 శాతం మధ్య ఊగిసలాడుతున్న దిగుబడికి ముడిపదార్థంలోని తేమే కారణమని కనుక్కుని స్థిరపరిచాను. ఇప్పుడు ఈ పనిని కిలో ల్యాబ్ స్థాయిలో నేర్చుకుంటూ చేయడానికి ప్రాసెస్ డెవలప్‌మెంట్ ఉద్యోగం కోరుతున్నాను."

పత్రాల సంఖ్య రెజ్యూమెలోకి వెళ్లింది. కష్టపడే స్వభావం మాట తీసేశాం. లింక్డ్ఇన్‌లో మొదటి రెండు మూడు వరసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కి తెరవాలి. అందుకే చేసే పని ఏమిటో ముందే చెప్పాం.

"మెరుగుపరిచాము" అని ఉన్న ప్రతి చోటా "మెరుగుపరిచాను" అని మార్చడానికి ఆమె చాలా తటపటాయించింది. పరిశోధన పత్రాల్లో "మేము" అనడం మర్యాద. బయోలో అలా రాస్తే ఎవరు చేశారో తెలియదు. అయితే తోటి విద్యార్థి చేసిన ఎన్ఎంఆర్ విశ్లేషణను "నేను" కిందికి తేకూడదు. దాన్ని ఆమే వద్దంది, నాకు ముచ్చటేసింది.

ఆశ ఎక్కువైతే వచ్చే ప్రమాదం ఇంకొకటి ఉంది. మొదటి చిత్తులో "స్కేల్-అప్ నిపుణురాలు" అని రాసింది. 20 గ్రాములు గాజు ఫ్లాస్కులో చేసిన పని. పాత్ర పెద్దదయ్యేకొద్దీ లోపలి పదార్థంతో పోలిస్తే గోడ వైశాల్యం తగ్గిపోతుంది, వేడి బయటికి పోవడం కష్టమవుతుంది. ఫ్లాస్కులో నెమ్మదిగా వేడెక్కే చర్య రియాక్టర్‌లో అదుపు తప్పవచ్చు. "ఉష్ణం ఎంత విడుదలైంది, ఎలా కొలిచావు?" అని అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. తుది పదార్థంలో ఎంత పల్లాడియం మిగిలిందో కూడా ఆమె కొలవలేదు. అందుకే ఆ మాట బయోలో రానివ్వలేదు. ఇంకా ప్రచురించని అణువు నిర్మాణం కూడా పెట్టలేదు. పేటెంట్ ఆలోచన ఏమైనా ఉందేమో గైడ్‌ని అడగకుండా అది బయటపెట్టకూడదు.

వెళ్లేటప్పుడు, "అకడమిక్స్ ఎందుకు వదిలేస్తున్నానో ఒక వాక్యం రాయాలా సార్?" అని అడిగింది. అక్కర్లేదన్నాను. ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతితో హార్వర్డ్‌లో పేరు తెచ్చుకున్న మన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్‌లపై ఆయన బృందం కృషి సాగింది అక్కడే. ఆ మార్పుకు సంజాయిషీ ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లకు ఒక మాట. నోట్‌బుక్కులు ల్యాబ్ ఆస్తి, వెళ్లేటప్పుడు అప్పగించాలి. ఆ లోపే గైడ్ అనుమతి తీసుకుని ఏ సమస్య, ఏం మార్చారు, సంఖ్య ఎంత నుంచి ఎంతకు మారింది, ఎంత పరిమాణంలో చేశారు అనే నాలుగింటినీ ప్రతి అధ్యాయానికీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.