రిబ్బన్ కన్నా ముందు పిన్

2023 జూన్‌లో కరీంనగర్‌లో ఓ హోటల్ ప్రారంభం రోజున రూపాయి నోటు తెచ్చినవారికి బిర్యానీ ఇస్తామని ప్రకటించింది. జనం ఎగబడ్డారు, ట్రాఫిక్ ఆగిపోయింది, చివరికి పోలీసులొచ్చి హోటల్ మూయించారు. ప్రచారమంటే అదీ అని మెచ్చుకునేవాళ్లూ ఉంటారు. అయితే రూపాయి నోటు పట్టుకుని వచ్చినవాళ్లలో మర్నాడు పూర్తి ధర పెట్టి తినడానికి వచ్చేదెందరు? కొత్త బ్రాంచికి కావలసింది దగ్గర్లో ఉంటూ, దారి తెలిసి, మళ్లీ రాగలిగినవాళ్లు.

విజయవాడ గవర్నర్‌పేటలో పచ్చళ్లు, పొడులు అమ్మే దుకాణం పోరంకిలో రెండో బ్రాంచి తెరుస్తోందనుకుందాం. చాలామంది మొదట ఫ్లెక్సీ డిజైన్ దగ్గర కూర్చుంటారు. కూర్చోవలసింది గూగుల్ మ్యాప్ దగ్గర. పాత షాపు ప్రొఫైల్లో చిరునామా మార్చేస్తే గవర్నర్‌పేట షాపు మ్యాప్‌లోంచి మాయమవుతుంది. పోరంకికి విడిగా, అదే పేరుతో, ఇంకో బిజినెస్ ప్రొఫైల్ తెరవాలి. పేరు పక్కన ‘బెస్ట్ పికిల్స్ ఇన్ విజయవాడ’ లాంటి తోకలు తగిలించకూడదు. గూగుల్ నియమాలు ఒప్పుకోవు. ప్రారంభ తేదీ ముందే నమోదు చేయొచ్చు. ఆ తేదీకి 90 రోజుల ముందు నుంచి ప్రొఫైల్ జనానికి కనబడుతుంది.

దానికి ముందు షాపు మీదేనని గూగుల్‌కి రుజువు చేయాలి. ఈమధ్య తరచుగా వీడియో అడుగుతోంది: వీధి, బోర్డు, తాళం తీసి లోపలికి వెళ్లడం అన్నీ ఒకే వీడియోలో కనబడాలి. బోర్డు బిగించకుండా ఈ పని తెమలదు. పరిశీలనకి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ఆఖరి వారానికి వదిలేస్తే ఆహ్వానంలో పెట్టడానికి లింకే ఉండదు.

పిన్ కూడా చూసుకోవాలి. చిరునామా టైపు చేస్తే అది ఒక్కోసారి వెనక సందులో పడుతుంది. దాన్ని షట్టర్ ముందుకి జరిపి, ఆ షాపు ఎరగని ఆటో డ్రైవర్‌కో డెలివరీ కుర్రాడికో లింకు పంపి రమ్మనాలి. అతను ఫోన్ చేసి ‘ఎక్కడండీ?’ అని అడిగాడంటే పిన్ తప్పు.

ఇన్‌స్టాగ్రామ్‌ది వేరే లెక్క. గూగుల్లో ఉన్న చోటు అక్కడ ట్యాగుగా రాదు. బ్రాంచి పేరుతో ఫేస్‌బుక్ పేజీ తెరిచి చిరునామా ఇస్తే ఆ ట్యాగు వచ్చే వీలుంటుంది. వెతికితే దొరకలేదని ‘విజయవాడ’ అని ట్యాగ్ చేస్తే, నొక్కినవాళ్లకి ఊరంతా కనబడుతుంది, షాపు తప్ప.

ఆహ్వానం విషయానికొస్తే, దేవుడి బొమ్మ, నలుగురు అతిథుల పేర్లతో కిక్కిరిసిన కార్డు ఫోన్ తెర మీద చదవడం కష్టం. పైగా ముహూర్తం ఉదయం 6:12 అని మాత్రమే వేస్తే, ఆ వేళకి రాలేనివాళ్లు ఇక రానక్కర్లేదనుకుంటారు. ‘పూజ 6:12కి, అమ్మకాలు 10 నుంచి రాత్రి 9 దాకా. బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు మీద వస్తే తాడిగడప దాటాక. బండ్లు షాపు పక్క ఖాళీ స్థలంలో పెట్టుకోవచ్చు’ అని రాసి, కింద మ్యాప్ లింకు ఇస్తే చాలు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ అయితే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, ఒక్కో జాబితాలో 256 మందికే. అందుకే పాత షాపులో నెల ముందు నుంచే ‘మా నంబరు సేవ్ చేసుకోండమ్మా’ అని బిల్లు ఇస్తూ చెప్పాలి.

ఇక ఆ రోజు. రిబ్బన్ కత్తిరింపు వీడియో చుట్టాలకి బాగుంటుంది. కొనేవాళ్లకి కావలసింది గాజు సీసాలో ఆవకాయ, దాని పక్కన ధర, రుచి చూడమని అందిస్తున్న చెంచా. ఆ స్టోరీ లొకేషన్ స్టిక్కర్‌తో పదకొండు లోపే పడితే సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికెళ్లేవాళ్లు ఆగుతారు. పాట, రంగులు కలిపిన రీలు మర్నాటికి తయారైతే ఆ రోజుకి ఉపయోగం సున్నా. ఫైవ్ స్టార్ రివ్యూ ఇస్తే యాభై తగ్గింపు అనే బేరం మాత్రం వద్దు. గూగుల్ దాన్ని నిషేధించింది, పట్టుబడితే ఆ రివ్యూలు పోతాయి.

లెక్క కౌంటర్ దగ్గరే తేలుతుంది. వాట్సాప్ ఆహ్వానంలో ‘గోంగూర’ అని, ఇన్‌స్టాగ్రామ్‌లో ‘ఆవకాయ’ అని వేర్వేరు మాటలు ఇచ్చి, చెప్పినవాళ్లకి చిన్న పొడి ప్యాకెట్టు ఇవ్వొచ్చు. ఏ మాట చెప్పారో, ఏ ఏరియా నుంచి వచ్చారో పుస్తకంలో రాసుకోవాలి. రీలుకి లక్ష వ్యూలొచ్చినా ఆ పుస్తకంలో కానూరు, పోరంకి, పెనమలూరు పేర్లు పెద్దగా లేకపోతే, రెండో వారం డబ్బు రీళ్లకి కాక చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో పంచే కరపత్రాలకి ఖర్చు పెట్టడమే మేలు.