సభలో పేరు తప్పు పలికినప్పుడు

మన ఉగాది సభలలో వక్తను పరిచయం చేసే పని సాధారణంగా బడిపంతుళ్ళ మీద పడుతుంది. రోజూ పిల్లల ముందు నిలబడి మాట్లాడేవారు కదా, మైకు ముందు తడబడరని పెద్దల నమ్మకం. అలా మా మీద పడిన ఒక సాయంకాలం మేము చేసిన పొరపాటును, దాన్ని సరిదిద్దబోయి చేసిన అంతకంటె పెద్ద పొరపాటును ముందుగా చెప్పి అసలు సంగతిలోకి వస్తాము.

ఆనాటి అతిథి విజయనగరం వైపు నుండి వచ్చిన పెద్దాయన. వారి అసలు పేరు ఇక్కడ వ్రాయము. దానికి దగ్గరగా ఉండే పైడిరాజు అన్న పేరుతో చెప్పుకొందాం. మా చేతికిచ్చిన కాగితం మీద ఆ పేరు ఇంగ్లీషు అక్షరాలలో ఉంది. పి పక్కన వై, దాని పక్కన డి, ఐ. మేము తెలుగు నేర్చుకొన్నది అమ్మ ఒడిలో కాదు, శనివారం తరగతులలో. చూచీ చూడగానే నోటికి వచ్చింది "పిడిరాజు గారు" అని. ముందు వరుసలో ఇద్దరు ముసిముసిగా నవ్వారు. అతిథి మొదట తల ఎత్తి మా వైపు చూచి, తరువాత మోకాళ్ళ మీది చేతులవైపు చూచుకొన్నారు. పిడి అంటే కొడవలికి ఉండేది. పైడి అంటే బంగారం. ఆ పేరు వెనుక విజయనగరం పైడితల్లి అమ్మవారు ఉన్నది. ఆయన తల్లి మొక్కుకొని పెట్టిన పేరును మేము కొడవలి పిడి చేశాము.

తప్పు తెలిసిన వెంటనే మేము చేసిందేమిటి? కాగితంలో ఇలా వ్రాశారన్నాము. మా తెలుగు తరగతుల తెలుగేనన్నాము. మా తాతగారి పేరును కూడా ఓడ పట్టీలో గుమాస్తా ఇలాగే చెడగొట్టాడన్నాము. ఇదంతా నిమిషం పైగా సాగింది. ఆ పెద్దాయన చేయి ఎత్తి "పరవాలేదండీ, పరవాలేదు" అని రెండుసార్లు మమ్మల్ని ఓదార్చవలసి వచ్చింది. గౌరవం పొందడానికి వచ్చిన మనిషి చేత ఓదార్పు చేయించుకొన్నాము. పొడుగాటి క్షమాపణలో ఉన్న చిక్కు ఇదే. అందులో మాట మాటకూ మనమే కనబడతాము, అతిథి వెనక్కు పోతాడు. పైగా ఆ తప్పు పేరు సభలో మరి నాలుగుసార్లు వినబడుతుంది.

చేయవలసింది చాలా చిన్నది. తప్పు దొర్లిందని తెలిసిన చోటనే ఆగాలి. వాక్యం పూర్తి చేసి ఆ పిమ్మట సర్దుకొందామనుకోరాదు. "క్షమించాలి, పైడిరాజు గారు" అని, తప్పిన అక్షరం మీద కొంచెం నిలిచి, నెమ్మదిగా ఒక్కసారి పలకాలి. తొందరపడితే నాలుక అలవాటుగా మళ్ళీ పాత దారినే పోతుంది. రెండవసారి తప్పితే మొదటి తప్పుకంటె బరువు. తరువాత ఆ వాక్యాన్నే మొదటినుండి ఎత్తుకోవాలి: "పైడిరాజు గారు ఈనాడు గురజాడవారి కన్యాశుల్కం గురించి మాట్లాడుతారు." ఇక వివరణ వద్దు, ఆ పేరు మీద హాస్యం అసలే వద్దు. పరిచయం ముగిసేలోగా మరి రెండుసార్లు సరైన పేరు సహజంగా వచ్చేటట్లు చూచుకొంటే సభ చెవిలో అదే మిగులుతుంది.

సరైన పలుకుబడి మనకే తెలియకపోతే? ఊహించి మరొకటి అనడంకంటె అతిథివైపు తిరిగి, "అయ్యా, తమ పేరు తమ నోట ఒకసారి వినిపించండి" అని అడగడం మేలు. విన్న వెంటనే మనం తిరిగి పలకాలి. అడిగి ఊరుకొంటే సగం పనే అయినట్లు. తప్పు జరిగిందని ప్రసంగం మొదలైన తరువాత తెలిస్తే మధ్యలో లేచి సరిదిద్దరాదు. వందన సమర్పణలో పేరును సరిగా పలికి, సభ ముగిశాక దగ్గరకు వెళ్ళి ఒక్క మాటలో మన్నింపు కోరాలి.

మన సభలలో ఇది మరీ తగులుతుంది. 1860లో ట్రూరో ఓడ మదరాసు నుండి డర్బన్ చేరినది మొదలు 1911 వరకు వచ్చిన మనవారి పేర్లు ఇంగ్లీషు గుమాస్తాలు విన్నట్లు వ్రాసుకొన్నవే. ప్రతి మనిషికీ ఒక నంబరు కూడా ఇచ్చారు. పేరు ఎలా చెడినా తోట పుస్తకంలో నంబరు తప్పకపోతే వారికి చాలు. ఆ గుమాస్తా వినడానికి ఒక్క నిమిషం ఆగలేదు. మనం ఆగవచ్చు.

ఇక చోటు తప్పడం. ఆ సాయంకాలమే అదీ జరిగింది. సంజాయిషీ ముగించి కాగితంవైపు చూస్తే ఎక్కడ ఆపామో తెలియలేదు. వారి కాలేజీ చదువు గురించిన పేరాను రెండుసార్లు చదివాము. అప్పుడు "అంటే... అదీ..." అంటూ కాగితం గలగలలాడించడంకంటె నోరు మూసుకొని చూచుకోవడం నయం. నాలుగైదు క్షణాల మౌనం మనకు యుగంలా తోస్తుంది కాని, వినేవారు దాన్ని ఊపిరి తీసుకోవడం అనుకొంటారు. వరుస దొరికితే ఒక వంతెన మాట వేయాలి: "ఇంతవరకు వారి చదువు సంగతి విన్నారు." ఆ మాట మనకూ దారి చూపుతుంది. దొరకకపోతే వెతకవద్దు. మిగిలింది వదిలి చివరకు దూకాలి. అతిథి ఎవరు, ఈ విషయం చెప్పడానికి వారికి గల అర్హత ఏమిటి, వారి పేరు ఏమిటి, ఈ మూడూ ఉంటే పరిచయం పూర్తయినట్లే. వారు అందుకొన్న సన్మానాల జాబితా పోయినందుకు సభలో ఎవరూ చింతించరు. మా అనుభవంలో అతిథులు కూడా చింతించలేదు.

ఆనాటి నుండి మేము పరిచయాన్ని మడత కాగితం మీద వ్రాయడం మానివేశాము. అట్టముక్క ఒకటి, దాని అడుగున పెద్ద అక్షరాలతో చివరి వాక్యం. తక్కినదంతా ఇంగ్లీషులో ఉన్నా పేరు మాత్రం తెలుగు లిపిలో, ముక్కలు చేసి: పై, డి, రా, జు. దీర్ఘాలు ఇంగ్లీషులో దాగిపోతాయి. రమ అనే అమ్మాయీ, రామ అనే అబ్బాయీ ఆ అక్షరాలలో ఒక్కటే. సభకు ముందు టీ తాగే వేళ అతిథి దగ్గరకు వెళ్ళి, అట్టమీద ఉన్నది చదివి వినిపించి, సరా అని అడుగుతాము. ఇంటిపేరు ఏది, పిలిచే పేరు ఏది అన్నది కూడా అప్పుడే తేలుతుంది. ఆంధ్రదేశంలో ఇంటిపేరు ముందు వస్తుంది గనుక, మనం ఇక్కడి అలవాటున మొదటి మాటకు గారు చేర్చితే ఇంటిపేరును పిలిచినట్లవుతుంది.

ఒక హద్దు కూడా చెప్పాలి. అలా నేర్చుకొన్న ఉత్సాహంలో ఒకసారి మేము ఇక్కడి పెద్దమనిషి ఒకరిని "నాయుడు గారు" అని పరిచయం చేశాము. ఆయన లేచి మైకు దగ్గరకు వచ్చి, "మా ఇంట్లో నాలుగు తరాలుగా నాయ్‌డూ అనే అంటామండీ, మా ఆవిడ కూడా మిసెస్ నాయ్‌డూయే" అన్నారు. తెలుగునాట భార్య పేరు చివర నాయుడు చేరదని మాకు తెలుసు. అయినా పేరు ఆయనది. "క్షమించాలి, నాయ్‌డూ గారు" అని, ఆ వాక్యాన్నే మళ్ళీ మొదటినుండి ఎత్తుకొన్నాము.