జంటలో మిగిలిన మనిషి ఎటు వెళ్లాలి?

సమాజశాస్త్రం ఎం.ఏ. చదివే మా పిల్లలకు సెమినార్‌కి వారం ముందు నేనొక ఉత్తరం రాస్తాను. చదవాల్సిన వ్యాసంతో పాటు ఒకటే పేజీ. అందులో ఆ వ్యాసం గొప్పతనం గురించి ఏమీ ఉండదు, సారాంశం అసలే ఉండదు. నాలుగైదు ప్రశ్నలు మాత్రం ఉంటాయి. ప్రశ్నలు రాయడం ఇంత కష్టమని, ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు తెలియదు.

ప్రతి ఏడూ మొదట చదివించేది అంబేడ్కర్ రాసిన 'భారతదేశంలో కులాలు'. అది సెమినార్ కోసమే పుట్టిన వ్యాసం. 1916 మే 9న న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో, గోల్డెన్‌వైజర్ అనే ఆచార్యుడి మానవశాస్త్ర సెమినార్‌లో ఆయన దాన్ని చదివారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు, అంటే మా విద్యార్థుల కంటే రెండుమూడేళ్లు పెద్ద. మరుసటి సంవత్సరం అది 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో అచ్చయింది. మొత్తం సుమారు ఇరవై పేజీలు.

మొదటి ఏడాది నా ఉత్తరంలో ఇలా అడిగాను: "కులం పుట్టుక గురించి అంబేడ్కర్ అభిప్రాయం ఏమిటి?" అందరూ ఒకటే జవాబు తెచ్చారు, కులంలోనే పెళ్లి చేసుకోవడం వల్ల కులం నిలిచిందని. తప్పు కాదు. కానీ ఆ మాట వ్యాసంలో ముందే దొరుకుతుంది. అది దొరికాక మిగతా పేజీలు ఎవరూ చదవలేదు. ఇంకొందరు కుల వ్యవస్థను ఆయన ఎలా ఖండించారో రాసుకొచ్చారు. అది ఇరవై ఏళ్ల తర్వాత, 1936లో వచ్చిన 'కుల నిర్మూలన' గురించి విన్న మాట. ఈ వ్యాసంలోని అంబేడ్కర్ ఖండించడం లేదు, ఒక యంత్రాన్ని విప్పి చూస్తున్నట్టు చూస్తున్నారు. తప్పు పిల్లలది కాదు, నా ప్రశ్నది. వ్యాసం తెరవకుండానే జవాబు చెప్పగలిగిన ప్రశ్న అది.

ఇప్పుడు నా ఉత్తరంలో మొదటి ప్రశ్న ఇది: "మీ ఇంట్లో ఎవరి పెళ్లి అయినా తీసుకోండి. ఎవరిని చేసుకోకూడదని పెద్దలు చెప్పారు? ఎవరినే చేసుకోవాలని చెప్పారు? ఈ రెండు నియమాల్లో పాతది ఏదని అంబేడ్కర్ అంటున్నారు?"

ఒకే గోత్రంలో పెళ్లి కుదరదని మనకు తెలుసు. మేనమామ కూతురిని ఇష్టంగా చేసుకునే ఇళ్లలో కూడా పినతండ్రి కూతురు చెల్లెలే అవుతుంది, ఇంటిపేరు ఒకటే కాబట్టి. బయటికి వెళ్లి చేసుకోమనే ఈ నియమమే మూలంలో ఉన్నదని, కులం దాటవద్దనే నియమాన్ని తర్వాత దాని మీద కప్పారని అంబేడ్కర్ వాదన. బయటికి పొమ్మనే సమాజాన్ని లోపలే ఆపాలంటే బలమైన ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటు ఏమిటన్నదే అసలు వ్యాసం.

రెండో ప్రశ్న దగ్గర పిల్లల చేత లెక్క వేయిస్తాను. "కాగితం మీద పది జంటలు గీయండి. చుట్టూ గీత గీసి, ఎవరూ దాటకూడదని అనుకోండి. ఇప్పుడు ఒక భర్త చనిపోయాడు. మిగిలిన ఆమెను ఏం చేస్తారు? తర్వాత మరో ఇంట్లో భార్య చనిపోయింది. ఆ మగవాణ్ని ఏం చేస్తారు? మీ జవాబు రాసుకున్నాకే ఆ పేజీలు చదవండి."

గీత గీసిన మరుక్షణం పెళ్లి లెక్కల సమస్య అవుతుంది. మిగిలిన ఆడమనిషి గీత దాటి పెళ్లాడితే కులం చెదురుతుంది. లోపలే మళ్లీ పెళ్లాడితే, పెళ్లి కావాల్సిన మరో పిల్లకు వరుడు తక్కువవుతాడు. అందుకని ఆ సమాజం కనిపెట్టిన దారులు రెండు అంటారు అంబేడ్కర్: భర్త చితి మీదే ఆమెను కాల్చడం, లేదా బతికినంత కాలం విధవగా ఉంచడం. మగవాడి విషయంలో ఈ రెండూ సాగవు. పెత్తనం అతనిది. సన్యాసం ఇప్పిస్తే సంసారానికి, సంఘానికి అతను దక్కడు. ఇక మిగిలింది ఒక్కటే, పెళ్లీడు రాని పిల్లల్లోంచి అతనికి భార్యను తేవడం. సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం మూడు వేర్వేరు దురాచారాలని మనం పాఠాల్లో చదువుకున్నాం. ఈ వ్యాసంలో అవి ఒకే లెక్కకు వచ్చిన మూడు జవాబులు. ఆ పేజీ దగ్గర తరగతి ఎప్పుడూ నిశ్శబ్దమైపోతుంది. ఒకసారి ఒక అమ్మాయి తను గీసిన పది జంటల కాగితాన్ని మడిచి చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

మూడో ప్రశ్న మన నేల మీదిది. "1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో లుబ్ధావధాన్లు ఇంట్లో ఎవరెవరున్నారు?" భార్య పోయిన ముసలాయన చిన్నపిల్లను కొనుక్కుని పెళ్లాడబోతున్నాడు. అదే ఇంట్లో ఆయన కూతురు మీనాక్షి విధవ. అంబేడ్కర్ లెక్కలో మిగిలిపోయిన మగవాడు, మిగిలిపోయిన ఆడది ఒకే కప్పు కింద ఉన్నారు. గురజాడ ఆ తొలి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఒక జాబితా ప్రస్తావన ఉంది. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలను విజయనగరం మహారాజు లెక్క రాయించారు. నమోదైనవి 1034. వాటిలో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, ఏడాది వయసు పిల్లలు ముగ్గురు. జాబితా సమగ్రం కాదని గురజాడే చెప్పారు.

ఇక్కడ పిల్లలు తొందరపడతారు, జాబితా అంబేడ్కర్ మాటను రుజువు చేసిందని. అందుకే ఆ ప్రశ్నకు తోకగా ఇంకో వాక్యం చేర్చాను: "ఈ అంకెల్లో ఏది లేదు?" పెళ్లికూతుళ్ల వయసులున్నాయి, వరుల్లో ఎందరు భార్య పోయినవాళ్లో అవి చెప్పవు. అది తెలియకుండా ఆ 1034 పెళ్లిళ్లు వాదానికి తోడుగా నిలబడతాయి గానీ సాక్ష్యం కావు.

వ్యాసం రెండో సగం మీద ఒకటే అడుగుతాను. బ్రాహ్మణులు ముందు తలుపు వేసుకున్నారని, తక్కినవాళ్లు వాళ్లను చూసి తామూ వేసుకున్నారని, కొందరికి తలుపులు బయట నుంచే మూసుకుపోయాయని అంబేడ్కర్ అంటారు. అలాగైతే ఆ మూడు ఆచారాలూ పైమెట్టుకు దగ్గరగా ఉన్న కులాల్లో గట్టిగా, దూరమయ్యేకొద్దీ పలుచగా కనిపించాలి. "మీ ఊళ్లో అలా ఉండేదా? పెద్దవాళ్లను అడిగి రండి."

ఆ ప్రశ్న ఒక ఏడు నా మీదికే తిరిగింది. ఒక కుర్రాడు వాళ్ల నాయనమ్మను అడిగి వచ్చాడు. "మాలో మారుమనువు ఉండేది సార్. మొగుడు పోతే ఇంకొకరిని కట్టుకునేవాళ్లు. నాయనమ్మ తల్లి అలా కట్టుకున్నదే. అయినా కులం దాటి పెళ్లి చేసినవాళ్లు మాత్రం ఎవరూ లేరట. విధవను ఆపకుండానే గీత ఎలా నిలిచింది?"

అనుకరణ అంతదాకా అందలేదని, లెక్కలో తేడా పడితే పడనిచ్చారని నేను ఏదో చెప్పబోయాను. అతను ఒప్పుకోలేదు. లెక్క సరిచేసే ఆచారాలు లేకుండా కూడా కులం నిలబడగలిగితే, ఆ ఆచారాలే కులానికి కాపలా అని ఎలా అనగలం అన్నాడు. సెమినార్ సమయం దాటి గంటన్నర అయినా ఎవరూ లేవలేదు. తన సిద్ధాంతం నిలవదని చూపిస్తే వదులుకోవడానికి సిద్ధమని పాతికేళ్ల అంబేడ్కర్ వ్యాసం చివర రాశారు. ఆ పేరా తెరిచి మళ్లీ చదువుకున్నాం.

తర్వాతి ఏడు నుంచి నా ఉత్తరంలో చివరి ప్రశ్న మారింది. "మీ కుటుంబంలో మారుమనువు ఉండేదా? ఉంటే, పది జంటల కాగితం మీద దాన్ని గీసి తీసుకురండి."